రెండు లక్షలు కడితే ఎన్ని వాయిదాలు ఎగిరిపోతాయి?

ముప్పై లక్షల ఇంటి లోన్. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు, నెలనెలా కట్టే ఈఎంఐ 26,992 రూపాయలు. మూడేళ్లు సక్రమంగా కట్టాక ఆ ఇంటివాళ్ల చేతికి రెండు లక్షలు వచ్చాయనుకుందాం. చీటీ పాడుకున్నారో, బోనస్ వచ్చిందో, ఊళ్లో పొలం కౌలు డబ్బులు అందాయో. ఆ మొత్తాన్ని లోన్‌కు కట్టేస్తే వడ్డీ ఎంత మిగులుతుంది?

ఈ ప్రశ్న ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఇంట్లో లెక్కలు చూసే పెద్దాయన నోటి లెక్క వేస్తారు: రెండు లక్షలకు 9 శాతం అంటే ఏడాదికి 18,000, ఇంకా 17 ఏళ్లుంది కాబట్టి 3.06 లక్షలు. బ్యాంకులో అడిగితే కంప్యూటర్‌లో చూసి 1.91 లక్షలు అనవచ్చు. ఫోన్‌లో లోన్ షెడ్యూల్ స్క్రీన్‌షాట్ ఉన్నవాళ్లు దాన్ని సరిగ్గా చదివితే 6.2 లక్షలు అని తేలుతుంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు.

6.2 లక్షల లెక్కకు క్యాలిక్యులేటర్ యాప్‌లు, వెబ్‌సైట్లు అక్కర్లేదు. షెడ్యూల్‌లో రెండు వరుసలు కనిపిస్తే చాలు.

బ్యాంకు యాప్‌లో Repayment Schedule అనో Amortization Schedule అనో ఉండే పట్టికను చాలామంది ఒకసారి తెరిచి, నిండా అంకెలే కనబడితే మూసేస్తారు. అందులో పనికొచ్చేవి నాలుగు గడులే: వాయిదా సంఖ్య, అందులో అసలుకు పోయింది, వడ్డీకి పోయింది, ఆ వాయిదా కట్టాక మిగిలిన బకాయి. మన ఉదాహరణలో మొదటి నెల కట్టిన 26,992లో 22,500 వడ్డీకే పోయింది. అసలులో తగ్గింది 4,492 మాత్రమే. మూడేళ్లు గడిచేసరికి ఈ నిష్పత్తి కొంచెం మారింది, అంతే. స్క్రీన్‌షాట్‌లో మనకు కావాల్సిన వరుసలు ఇలా ఉంటాయి:

```
No.   Principal   Interest   Closing Balance
36       5,835     21,157        28,15,142
37       5,878     21,114        28,09,264
...
66       7,301     19,691        26,18,198
67       7,356     19,636        26,10,842
```

36వ వాయిదా కట్టిన రోజునే రెండు లక్షలు కూడా కట్టేశారనుకోండి. బకాయి 28,15,142 నుంచి 26,15,142కు దిగుతుంది. ఇప్పుడు అదే స్క్రీన్‌షాట్‌లో Closing Balance గడి వెంట వేలు పెట్టి కిందికి దిగుతూ, 26,15,142కు దగ్గరగా ఉన్న అంకె ఎక్కడుందో వెతకాలి. 66వ వాయిదా దగ్గర 26,18,198 ఉంది. 67 దగ్గర 26,10,842కు పడిపోయింది. మనకు కావాల్సింది ఆ రెంటి మధ్యలో, 66కు కాస్త అవతల ఉంది. వైకుంఠపాళీలో నిచ్చెన దొరికినట్టు 36వ గడిలో ఉన్నవాళ్లు నేరుగా 66 దాటిపోయారన్నమాట.

ఇలా వెతకడం అంచనాగానో ఉజ్జాయింపుగానో కనిపించవచ్చు గానీ, దీని వెనక గట్టి కారణమే ఉంది. తరిగే బకాయి మీద వడ్డీ లెక్కగట్టే లోన్‌లో ప్రతి నెలా వడ్డీ ఎంత పడాలో తేల్చేది ఆ రోజు బకాయి ఒక్కటే. ఆ బకాయికి మీరు ఎలా చేరారన్నది లెక్కలోకి రాదు. నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ అయిదున్నరేళ్లకు 26 లక్షల 15 వేలకు దిగినా, మూడేళ్లకే ఒక్కసారిగా రెండు లక్షలు కట్టి దిగినా అక్కడి నుంచి ముందున్న దారి ఒకటే. వడ్డీ రేటు, ఈఎంఐ మారనంత కాలం పట్టికలోని మిగతా వరుసలు మీకు యథాతథంగా వర్తిస్తాయి. మధ్యలో దాటేసిన వరుసలు మాత్రం మీరు కట్టనక్కర్లేదు.

ఎన్ని వరుసలు దాటారో తేల్చాలి. 66వ వరుసలోని 26,18,198కి, మన 26,15,142కి తేడా 3,056. 67వ వాయిదాలో అసలుకు పోయేది 7,356. 3,056ను 7,356తో భాగిస్తే సుమారు 0.4. అంటే ఇప్పుడు మీరున్నది 66.4 దగ్గర. అందులోంచి 36 తీసేస్తే 30.4 వాయిదాలు ఎగిరిపోయాయి. ఒక్కొక్కటి 26,992 చొప్పున 30.4 వాయిదాలంటే దాదాపు 8 లక్షల 20 వేలు. ఇంత కట్టాల్సిన చోట రెండు లక్షలు కట్టి బయటపడ్డారు కాబట్టి, అది తీసేస్తే 6 లక్షల 20 వేలు మిగిలింది. అదే మిగిలిన వడ్డీ.

మొత్తం కిటుకు ఇంతే. తప్పిన వాయిదాల సంఖ్యను ఈఎంఐతో గుణించి, ముందుగా కట్టిన మొత్తాన్ని తీసేయాలి. ఆ 0.4ను వదిలేసి 30 అనే వేసుకుంటే 6.1 లక్షలు వస్తుంది. కట్టాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

నమ్మకం కుదరకపోతే Interest గడి వైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. దాటేసిన వరుసల్లో మొదటిది 37, అందులో వడ్డీ 21,114. చివరిది 66, అందులో 19,691. రెంటి సగటు సుమారు 20,400. దాన్ని 30తో గుణిస్తే 6 లక్షల 12 వేలు. 67వ నెల వడ్డీలో 0.4 వంతు, అంటే ఇంకో ఎనిమిది వేలు కలిపితే మళ్లీ అదే 6 లక్షల 20 వేలు. రెండు దారులూ ఒకే చోట కలవకపోతే మీరు ఎక్కడో ఒక వరుస అటూ ఇటూ చదివారని అర్థం. ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, కొన్ని యాప్‌లు Closing Balance బదులు Opening Balance ముందు చూపిస్తాయి. ఫోన్ తెర చిన్నది, కుడివైపు గడులు తెగిపోతాయి. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఫోన్‌ను అడ్డంగా తిప్పి, గడుల పేర్లు కూడా బొమ్మలో పడేలా చూసుకుంటే ఈ గొడవ ఉండదు. పై నుంచి కింది దాకా అన్ని పేజీలూ తీయక్కర్లేదు. మీరున్న వరుస, మీరు చేరబోయే వరుస దొరికితే సరిపోతుంది.

ఇప్పుడు పెద్దాయన నోటి లెక్క సంగతి. రెండు లక్షల మీద ఏడాదికి 18,000 వడ్డీ తగ్గుతుందన్న మాట నిజమే. నెలకు 1,500. కానీ ఈఎంఐ మారలేదు కదా. వడ్డీకి పోవాల్సిన ఆ 1,500 ఇప్పుడు అసలులోకి పోతుంది. దాంతో వచ్చే నెల బకాయి ఇంకొంచెం తగ్గుతుంది, ఆ పైనెల వడ్డీ ఇంకొంచెం తగ్గుతుంది. రెండు లక్షల మీద తప్పిన వడ్డీతో పాటు, ఆ తప్పిన వడ్డీ మీద తప్పిన వడ్డీ కూడా చేరుతూ పోతుంది. చక్రవడ్డీ అప్పు ఇచ్చినవాడికి చేసే మేలు ఈసారి అప్పు తీర్చేవాడికి చేస్తోందన్నమాట. నోటి లెక్కలో ఈ రెండో భాగం లేదు. అందుకే సగం దగ్గరే ఆగిపోయింది.

బ్యాంకు చెప్పిన 1.91 లక్షల వెనక ఉన్నది మరో కథ. పార్ట్ పేమెంట్ కట్టేటప్పుడు రెండు దారులుంటాయి: ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించడం, లేదా గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించడం. యాప్‌లో Reduce Tenure, Reduce EMI అని కనిపించేవి ఇవే. రెండోది ఎంచుకుంటే ఈఎంఐ 26,992 నుంచి దాదాపు 25,074కు దిగుతుంది. నెలకు 1,918 మిగులు. ఇంకా 204 నెలలున్నాయి కాబట్టి మొత్తం 3.91 లక్షలు, అందులోంచి కట్టిన రెండు లక్షలు తీసేస్తే 1.91 లక్షలు. స్క్రీన్‌షాట్‌లో వరుసలు దాటే పద్ధతి ఈ దారికి పనిచేయదు. ఈఎంఐ మారిందంటే పట్టికే మారినట్టు.

ఈఎంఐ తగ్గించుకోవడం మోసపోవడమేమీ కాదు. పిల్లల ఫీజుల భారం మొదలయ్యే ఇంటికి నెలకు 1,918 చేతిలో ఉండటమే ముఖ్యం కావచ్చు. పైగా ఆ 1,918ని మిగుల్చుకోకుండా ప్రతి నెలా తిరిగి లోన్‌కే కట్టుకుంటూ పోతే ఫలితం గడువు తగ్గించుకున్నవాళ్లతో సమానమవుతుంది. అడగకుండా ఊరుకుంటే ఏ దారిలో వేస్తారన్నది ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, కట్టే ముందే ఏది కావాలో రాతపూర్వకంగా చెప్పడం మంచిది.

ఇదే రెండు లక్షలు మూడేళ్లకు కాకుండా పదేళ్లకు కడితే? స్క్రీన్‌షాట్‌లో 120వ వరుసకు వెళ్లండి. అక్కడ చాలామంది గుండె గుభేలుమంటుంది. సగం గడువు అయిపోయినా బకాయి ఇంకా 21.31 లక్షలు ఉంటుంది. పదేళ్లలో 32 లక్షలకు పైగా కడితే అసలులో తీరింది తొమ్మిది లక్షల లోపే. సరే, రెండు లక్షలు కట్టేస్తే 19.31 లక్షలు. ఆ అంకె 137వ వరుస దగ్గర కనిపిస్తుంది. ఎగిరిన వాయిదాలు 17 మాత్రమే, మిగిలే వడ్డీ సుమారు 2.6 లక్షలు. పైవరుసల్లో ఒక్కో వాయిదా అసలును కొద్దికొద్దిగానే తింటుంది కాబట్టి రెండు లక్షలు ముప్పై వరుసలను దాటించింది. కింది వరుసల్లో ఒక్కో వాయిదాలో అసలు వంతు పెద్దది కాబట్టి అదే డబ్బు అన్ని వరుసలను దాటించలేదు.

6.2 లక్షలు మిగిలిందని చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ డబ్బు రేపు చేతికి రాదు. ఎగిరిపోయినవి చివరి ముప్పై వాయిదాలు. లోన్ పద్నాలుగున్నరేళ్ల తర్వాత తీరిపోయి, ఆపైన కట్టాల్సిన నెలల్లో కట్టకుండా ఉంటారు. అప్పుడు మిగిలే 26,992కు ఇవాళ్టి విలువ ఉండదు. కాబట్టి ఈ పెద్ద అంకెను చూసి మురిసిపోవడం కంటే, ఆ రెండు లక్షలు లోన్ రేటైన 9 శాతం మీద, పన్ను లేకుండా పెరుగుతున్నట్టు చూడటమే సరైన చూపు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో పోల్చేటప్పుడు ఆ డిపాజిట్ వడ్డీలో పన్ను పోగా మిగిలేదాన్ని ఈ 9 శాతం పక్కన పెట్టండి. పాత పన్ను విధానంలో ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు వాడుకుంటున్నవాళ్లకు ఈ 9 కాస్త తగ్గుతుంది.

స్క్రీన్‌షాట్ ఎప్పుడు తప్పుదారి పట్టిస్తుంది? లోన్ ఇచ్చిన రోజున తీసిందైతే చాలాసార్లు. మన ఇంటి లోన్లలో ఎక్కువ భాగం ఫ్లోటింగ్ రేటువే. రెపో రేటు కదిలినప్పుడు లోన్ రేటూ కదులుతుంది. అప్పుడు బ్యాంకులు తరచూ ఈఎంఐని ముట్టుకోకుండా గడువును పెంచడమో తగ్గించడమో చేస్తాయి. పాత పట్టికలో 240 వరుసలే ఉంటాయి గానీ మీ లోన్ నిజానికి 270కి సాగి ఉండవచ్చు. ఇది పసిగట్టడానికి రెండు చిన్న పరీక్షలున్నాయి. స్క్రీన్‌షాట్‌లో ఈ నెల వరుసలోని బకాయిని లోన్ ఖాతా స్టేట్‌మెంట్‌లోని బకాయితో పోల్చండి. తర్వాత, ఇటీవలి నెల వడ్డీని 12తో గుణించి, ఆ నెల మొదట్లో ఉన్న బకాయితో భాగించండి. 36వ నెలలో వడ్డీ 21,157, కట్టే ముందు బకాయి 28,20,977. గుణించి భాగిస్తే 0.09, అంటే 9 శాతం. మీకు 9.4 వచ్చిందంటే రేటు మారిందని, ఈ పట్టిక పాతదని తేలినట్టే.

బకాయి ఒక్కటే తేడాగా ఉండి, రేటు, ఈఎంఐ అవే అయితే పాత పట్టికనే వాడుకోవచ్చు. ఎప్పుడో ఒక వాయిదా ఆలస్యమై ఉంటుంది, లేదా మధ్యలో కొంత కట్టి ఉంటారు. వాయిదా సంఖ్యను పక్కనపెట్టి, మీ అసలు బకాయి ఏ వరుసలో ఉందో వెతికి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. రేటే మారితే మాత్రం కొత్త షెడ్యూల్ దించుకోవాల్సిందే. 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి లోన్లకు మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలి. అందులో అప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ, మిగిలిన వాయిదాల సంఖ్య, వార్షిక రేటు ఉంటాయి. కొత్త షెడ్యూల్ దొరక్కపోయినా ఈ వివరాలుంటే ఎక్సెల్‌లో ఒక్క లైనుతో పని అయిపోతుంది:

```
=NPER(0.09/12, -26992, 2815142)
=NPER(0.09/12, -26992, 2615142)
```

మొదటిది 204 అంటుంది, రెండోది 173.6 అంటుంది. తేడా మళ్లీ 30.4.

బండి మీదో వస్తువు మీదో తీసుకున్న కొన్ని లోన్ల పట్టికల్లో Interest గడి అన్ని వరుసల్లో ఒకే అంకెగా ఉంటుంది. అది ఫ్లాట్ రేటు లెక్క. అలాంటి దానికి ఈ పద్ధతి వర్తించదు. ముందుగా కడితే ఎంత తగ్గిస్తారో ఆ సంస్థనే అడిగి రాయించుకోవాలి. ఇక చార్జీలంటారా, వ్యక్తులు ఫ్లోటింగ్ రేటుపై తీసుకున్న ఇంటి లోన్లను ముందుగా తీరిస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు లోన్ అయితే శాంక్షన్ లెటర్ చూసి, చార్జీ ఉంటే దాన్నీ దాని మీద జీఎస్టీనీ 6.2 లక్షల్లోంచి తీసేయండి.

డబ్బు కట్టాక నిజంగా అసలులోకే పోయిందా అన్నది చాలామంది చూసుకోరు. యాప్‌లో తప్పు బటన్ నొక్కితే ఆ రెండు లక్షలు అడ్వాన్స్ ఈఎంఐగా పక్కన కూర్చుంటాయి. నెలనెలా అందులోంచి వాయిదా కోసుకుంటారు తప్ప వడ్డీ తగ్గదు. దీన్ని తెలుసుకోవడానికి వచ్చే నెల వాయిదాలో వడ్డీ అంకె చూడండి. పాత పట్టిక ప్రకారం 37వ నెల వడ్డీ 21,114 ఉండాలి. రెండు లక్షల మీద నెల వడ్డీ 1,500 కాబట్టి ఇప్పుడది 19,614కు దిగాలి. నెల మధ్యలో కట్టి ఉంటే, రోజువారీ బకాయి మీద లెక్కగట్టే బ్యాంకులో మొదటి నెల తగ్గుదల అంతకంటే తక్కువే ఉంటుంది. రెండు లక్షల మీద రోజుకు 49 రూపాయల చొప్పున ఎన్ని రోజులైతే అంత. ఆ తర్వాతి నెల నుంచి మాత్రం 1,500కు తక్కువ తగ్గితే బ్రాంచికి వెళ్లి అడగాలి.

ఈ పరీక్ష నెగ్గితే పాత స్క్రీన్‌షాట్‌ను డిలీట్ చేయకండి. రేటు కదలనంత కాలం అది ఇంకా పనిచేస్తుంది, కాకపోతే ఇక మీదట మీ లెక్క 66.4 నుంచి. ఇంకో ఏడాది వాయిదాలు కట్టేసరికి 78.4 దగ్గర, బకాయి సుమారు 25.23 లక్షల దగ్గర ఉంటారు. అప్పుడు ఇంకో లక్ష దొరికి కట్టారనుకోండి. 24.23 లక్షల కోసం కిందికి వెతికితే 90వ వరుస దాటగానే తగులుతుంది. అంటే పన్నెండు వాయిదాలకు కాస్త తక్కువ. పన్నెండు అనే వేసుకుంటే దాదాపు 3.2 లక్షలు, అందులోంచి లక్ష పోగా 2.2 లక్షల వడ్డీ మిగిలినట్టు.